బేరింగులు వారం వారం తెప్పించాలా? ఒక ఆటోనగర్ లెక్క

గాజువాక నుంచి ఒకరు అడిగారు: "ఆటోనగర్‌లో కన్వేయర్ రోలర్లు చేసే చిన్న యూనిట్ మాది. బేరింగులు మూడు నెలలకోసారి తెప్పిస్తాం. వారం వారం తెప్పిస్తే గోడౌన్ ఖర్చు మిగులుతుందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనాండీ?"

మీ అబ్బాయి చెప్పింది సగం నిజమండీ. మిగతా సగం కోసం ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను అనుకున్నవి, మీవి వేసుకుని చూడండి.

రోజుకి 10 రోలర్లు, ఒక్కోదానికి 2 బేరింగులు. ఏడాదికి 300 పని దినాలు అనుకుంటే 6,000 బేరింగులు. ఒక్కోటి 400 రూపాయలు. బేరింగును ఏడాది పాటు దగ్గర పెట్టుకుంటే బ్యాంకు వడ్డీ, అద్దె, తుప్పు కలిపి 80 రూపాయలు పడుతుందనుకుందాం. విశాఖలో తుప్పుని చిన్నగా చూడకండి. ప్యాకెట్ ఒకసారి విప్పారంటే మన ఉప్పుగాలికి బేరింగు ఎక్కువ రోజులు ఆగదు. ఇక ఒక్కో ఆర్డరుకి ఖర్చు 1,500 రూపాయలు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల కనీస చార్జీ, హమాలీ, సరుకు విడిపించడానికి వెళ్లే మనిషి సగం రోజు కూలి, లెక్కపెట్టి చూసుకోవడం, బిల్లు ఎక్కించడం, అన్నీ ఇందులోనే.

ఇప్పుడు మీరు ఏడాదికి 4 సార్లు 1,500 బేరింగుల చొప్పున తెప్పిస్తున్నారు. సగటున 750 బేరింగులు నిల్వ ఉంటాయి కాబట్టి నిల్వ ఖర్చు 60,000, ఆర్డర్ల ఖర్చు 6,000. మొత్తం 66,000. వారానికి 120 చొప్పున తెప్పిస్తే నిల్వ ఖర్చు 4,800కి పడిపోతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ 50 ఆర్డర్లకి 75,000 అవుతుంది. మొత్తం 79,800. అంటే ఇప్పటికన్నా ఎక్కువే.

ఇంకా సరుకు అందకపోతే పడే దెబ్బ ఇందులో కలపలేదు. నిల్వ అడుగంటే రోజులు ఏడాదికి ఎన్నిసార్లు వస్తాయో చూడండి. ఇప్పుడు 4 సార్లు, వారం పద్ధతిలో 50 సార్లు. పది లోడుల్లో ఒక లోడు రెండేసి రోజులు ఆలస్యమైతే ఏడాదిలో 5 సార్లు, ప్రతిసారీ 40 బేరింగుల కొరత. అప్పుడేం చేస్తాం? కుర్రాణ్ణి పరుగున పంపి రిటైల్ షాపులో ఎక్కువ ధర పెట్టి కొంటాం, డూప్లికేటు ఏమోనన్న టెన్షన్ ఒకటి. ఈలోపు అసెంబ్లీ మనుషులు ఖాళీ. బేరింగుకి 150 నష్టం వేసుకున్నా 200 బేరింగులకి 30,000. మొత్తం 1,09,800 అయింది.

కొరత భయం ఒక్కటే అయితే దానికి మందు చవకే. రెండు రోజులకి సరిపడా 40 బేరింగులు ఎప్పుడూ పక్కన పెట్టండి. ఏడాదికి 3,200 ఖర్చు, దాంతో ఆ 30,000 దాదాపు ఆగిపోతుంది. అసలు చిక్కు ఒక్కో ఆర్డరుకి పడే ఆ 1,500 రూపాయల దగ్గరే ఉంది.

దాన్ని అలాగే ఉంచి నెలకి 500 చొప్పున తెప్పించినా నిల్వకి 20,000, ఆర్డర్లకి 18,000, మొత్తం 38,000. ఇంకే మార్పూ లేకుండా మీకు 28,000 మిగిలినట్టే. వారం పద్ధతి దీన్ని గెలవాలంటే ఒక్కో ఆర్డరు ఖర్చు సుమారు 660 రూపాయల కిందికి రావాలి. సరుకు సరిగ్గా అవసరమైన వేళకే అందేలా తెప్పించుకునే పద్ధతిని జస్ట్ ఇన్ టైమ్ అంటారు. అది చిన్న చిన్న ఆర్డర్లు పెట్టడమే అనుకుంటారు చాలామంది. ముందు ఆర్డరు ఖర్చు తగ్గించాలి, ఆ తర్వాతే ఆర్డరు చిన్నదవ్వాలి.

ఎలా తగ్గుతుందంటే, డీలరుతో ఏడాదికి ఒకే రేటు, ఒకే ఆర్డరు రాసుకోండి. ఎప్పుడు ఎన్ని కావాలో ఫోన్లో చెప్పండి. ఆటోనగర్ వైపు వచ్చే ఆయన బండే మీ గేటు దగ్గర దించి వెళ్లాలి, బిల్లు నెలకి ఒకటే. ఇలా ఒక్కో ఆర్డరు ఖర్చు 300కి దిగిందనుకుందాం. వారం పద్ధతి 19,800కి వస్తుంది. 10 పని దినాలకోసారి 200 చొప్పున తెప్పిస్తే ఇంకా తక్కువ, 17,000. నేనైతే ఇదే పట్టుకుంటాను.

ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. డీలరు ఈ శ్రమంతా తన మీద వేసుకుని బేరింగుకి నాలుగు రూపాయలు పెంచాడనుకోండి, ఏడాదికి 24,000. మిగిలిందంతా అక్కడికే పోతుంది. అందుకే రేటు తేలాకే సంతకం పెట్టండి.

ఇక మన ఊరి సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు రెండు రోజుల నిల్వ ఏ మూలకి? అక్టోబరు, నవంబరు నెలల్లో మరో 100 బేరింగులు అదనంగా పెట్టుకోండి. ఆ రెండు నెలలకి వాటి నిల్వ ఖర్చు 1,300 రూపాయల చిల్లర. డిసెంబరులో ఒక ఆర్డరు తగ్గించి ఆ వందనీ వాడేసుకోవచ్చు.