మూడు లేట్లకు ఒక రోజు జీతం కట్... ఆ డబ్బు ఎవరి జేబులోకి?

"అన్నా, మా షోరూంలో నెలలో మూడుసార్లు లేట్ అయితే ఒక రోజు జీతం కట్ చేస్తున్నారు. పది నిమిషాలు లేటైనా అంతే. ఇది లీగలేనా?"

కాదు తమ్ముడూ. వీడియో ఇక్కడే ఆపేసినా ఫర్వాలేదు, జవాబు అంతే. కానీ ఆపకండి. ఎందుకు కాదో తెలియకుండా రేపు మేనేజర్ ముందు నిలబడితే, "కంపెనీ పాలసీ" అని ఒక్క మాట అని పంపించేస్తాడు.

లెక్క వేద్దాం. మీ జీతం 15,600 అనుకోండి. 26 రోజుల పని, రోజుకు 8 గంటలు. అంటే రోజుకు 600, గంటకు 75 రూపాయలు. ఈ నెలలో మూడుసార్లు, ఒక్కోసారి 12 నిమిషాలు లేట్ అయ్యారు. మొత్తం 36 నిమిషాలు. దాని ఖరీదు 45 రూపాయలు. మీ దగ్గర కోసింది 600!

45 రూపాయలు కోసుకునే హక్కు ఓనర్‌కి ఉంది, నేను కాదనను. మీరు పనిలో లేని సమయానికి జీతం ఇవ్వక్కర్లేదు. కానీ ఎంతసేపు లేరో అంతసేపటికే కోయాలి, అంతకు మించి పైసా కోయకూడదు. 1936 నాటి జీతాల చెల్లింపు చట్టంలో ఈ మాట ఉంది. దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో, 20వ సెక్షన్‌లోనూ ఉంది. పాత చట్టం నెలకు 24,000 దాకా జీతం ఉన్నవాళ్ళకే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ గీత లేదు. కాబట్టి "నువ్వు ఎగ్జిక్యూటివ్‌వి, నీకు లేబర్ చట్టం ఏంటి" అనే డైలాగ్ కూడా పాతబడిపోయింది.

మరి మిగతా 555 ఏంటి? దానికి ఒకే ఒక్క పేరుంది. ఫైన్. స్లిప్‌లో దాన్ని ఎల్ఓపీ అని రాస్తారు, లేట్ అడ్జస్ట్‌మెంట్ అని రాస్తారు. ఏం రాసినా అది ఫైనే. ఫైన్ అని ఎందుకు రాయరో తెలుసా? రాస్తే చట్టంలో దానికున్న షరతులన్నీ మెడకు చుట్టుకుంటాయి కాబట్టి. ఇది నా థియరీ, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఆ షరతులు వినండి. ఏ తప్పుకి ఫైన్ వేస్తారో ముందే ప్రభుత్వం దగ్గర గానీ, అది చెప్పిన అధికారి దగ్గర గానీ అనుమతి తీసుకుని, పని చేసే చోట నోటీసు పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో హెచ్‌ఆర్ రాత్రి పదకొండింటికి పెట్టే మెసేజ్ ఆ నోటీసు కాదు! ఫైన్ వేసే ముందు మీ సంజాయిషీ వినాలి. నెల మొత్తం మీద ఫైన్లన్నీ కలిపినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. 15,600లో 3 శాతం ఎంత? 468. అంటే అన్ని అనుమతులూ తీసుకున్న ఉత్తమ పురుషుడైన ఓనర్ కూడా 555 కోయలేడు.

ఇంకో షరతు ఉంది, నాకు ప్రాణం అదే. ఫైన్‌గా వసూలు చేసిన డబ్బు ఓనర్‌ది కాదు. దాన్ని రిజిస్టర్‌లో రాసి, అక్కడ పని చేసేవాళ్ళకు పనికొచ్చే వాటికే, అదీ అధికారి ఒప్పుకున్న వాటికే ఖర్చు పెట్టాలి. మీ లేట్ డబ్బు మీ కోసమే ఖర్చవ్వాలి. మీ షోరూంలో ఎప్పుడైనా చూశారా అలాంటి రిజిస్టర్? డిసిప్లిన్ కోసమే కోస్తున్నామని అంటారు కదా, అయితే ఆ డబ్బు ఏది చూపించండి. నన్నడిగితే చాలా చోట్ల లేట్ కటింగ్ డిసిప్లిన్ కాదు, అదొక ఆదాయం.

ఉద్యోగం మానేసి ఫుల్ అండ్ ఫైనల్ అడిగితే, ఏడాది కిందటి లేట్లన్నీ తవ్వి తీస్తారు చూడండి, అదీ కుదరదు. ఫైన్ పడిన రోజు నుంచి 90 రోజులు దాటితే వసూలు చేయకూడదు. వాయిదాలుగా కూడా కోయకూడదు. (లేట్‌కి జీతం కాకుండా మీ సెలవుల ఖాతాలోంచి అరపూట తీసేస్తే అది వేరే గొడవ, ఈరోజు అది మాట్లాడను.)

ఇప్పుడు డ్యామేజ్ సంగతి. నా మొదటి ఉద్యోగం ఒక మొబైల్ షాపులో. ఒక నెలాఖరున స్టాక్ లెక్క చూస్తే ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు కలిపి 4,800 తక్కువొచ్చింది. మేం ఎనిమిది మంది. ఓనర్ కాలిక్యులేటర్ కూడా తీయలేదు, తలా 600 అన్నాడు. "సార్, ఆ వారం మా అక్క పెళ్ళి, నేను ఊళ్ళో ఉన్నాను" అన్నాను. "అందరితో పాటే నువ్వూ" అన్నాడు. కట్నాలు చదివించినట్టు అందరం చదివించాం. నాకు అప్పుడు తెలియదు కానీ, ఆ తలా 600 చెల్లదు.

ఎందుకంటే నష్టం కోయాలంటే ఆ సరుకు ప్రత్యేకంగా మీ చేతికి అప్పజెప్పి ఉండాలి, లేదా ఆ డబ్బుకి మీరు లెక్క చెప్పాల్సిన మనిషై ఉండాలి. పైగా ఆ నష్టం నేరుగా మీ అజాగ్రత్త వల్లే జరిగి ఉండాలి. క్యాష్ కౌంటర్లో మీరొక్కరే కూర్చుని, సాయంత్రం 500 తగ్గితే మీ మెడకు చుట్టుకోవచ్చు, నిజమే. అప్పుడు కూడా ముందు మీ మాట వినాలి, రిజిస్టర్‌లో రాయాలి, జరిగిన నష్టం కంటే ఒక్క రూపాయి ఎక్కువ కోయకూడదు. 350 రూపాయల గ్లాసు పగిలితే "బుద్ధి రావాలి" అని 1,000 కోయడం కుదరదు. ఎవరు పోగొట్టారో తేలక ఎనిమిది మందికీ పంచితే, ఆ పంచడమే తేలలేదని ఒప్పుకోవడం కదా?

పీఎఫ్, ఈఎస్ఐ, ఇన్‌కం ట్యాక్స్, మన రెండు రాష్ట్రాల్లో 15,000 దాటితే పడే ప్రొఫెషనల్ ట్యాక్స్, మీరు తీసుకున్న అడ్వాన్సు, వీటి మీద అరవకండి, అవి సక్రమమే. అన్నీ కలిపి జీతంలో సగం మాత్రం దాటకూడదు.

"ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టావుగా" అంటారు. పెట్టినా సరే. కోడ్ ప్రకారం రావాల్సిన జీతాన్ని వదులుకుంటున్నానని రాసిచ్చిన ఒప్పందం చెల్లదు.

ఏం చేయాలంటే, జీతం స్లిప్, బయోమెట్రిక్ హాజరు స్క్రీన్‌షాట్ దాచుకోండి. 600 ఏ లెక్కన కోశారో మెయిల్‌లో అడగండి. నోటితో అడిగితే గాలికి పోతుంది. జవాబు రాకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో క్లెయిమ్ వేయండి. మూడేళ్ళ లోపు వేయొచ్చు, మీ బదులు యూనియన్ కూడా వేయొచ్చు. కోత సక్రమమేనని నిరూపించుకోవాల్సింది ఓనరే, మీరు కాదు. అక్రమమని తేలితే కోసిన డబ్బుతో పాటు దానికి పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆ అధికారికి ఉంది. 555కి పది రెట్లు ఎంతో మీ ఓనర్‌నే లెక్క వేయమనండి, కాలిక్యులేటర్ తీయక తప్పదు.

మీ స్లిప్‌లో లేట్ కటింగ్‌ని ఏ పేరుతో రాశారో కింద కామెంట్‌లో పెట్టండి. కంపెనీ పేరు వద్దు, ఆ కటింగ్ పేరు చాలు. ఎన్ని రకాల ముసుగులున్నాయో నాకు చూడాలని ఉంది.