‘డాంకె’ అంటే కాఫీ వద్దని
(జర్మనీ వెళ్లనున్న నర్సులకు భాషా తరగతుల చివరి రోజున చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంకొన్ని వారాల్లో మీలో చాలామంది జర్మనీ ఆసుపత్రుల్లో డ్యూటీలో చేరతారు. వ్యాకరణం చదివారు, పరీక్షలు రాశారు. ఇక వార్డులోనూ భోజనాల గదిలోనూ జనం రోజంతా అనుకునే చిన్న చిన్న మాటలు మిగిలాయి. వాటిని ఎవరికి వారు కార్డుల మీద ఎలా రాసిపెట్టుకోవాలో ఇవాళ చెబుతాను.

మీకంటే ముందు వెళ్లిన ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. చేరిన మొదటి వారం విరామ సమయంలో అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. తోటి నర్సు కాఫీ కూజా పట్టుకుని వచ్చి, ఇంకాస్త పోయమంటారా అని అడిగింది. మన అమ్మాయి చిరునవ్వుతో ‘డాంకె’ అంది. కూజా పక్క కప్పు దగ్గరికి వెళ్లిపోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తానంటే వాళ్లకు గిట్టడం లేదేమోనని ఆ రాత్రి ఫోన్ చేసి బాధపడింది. నీ కార్డు మీద ఏమి రాసుకున్నావని అడిగాను. ఒకవైపు ‘డాంకె’, రెండోవైపు ‘ధన్యవాదాలు’ అని చెప్పింది.

ఆ కార్డులో తప్పు లేదు. కానీ జర్మన్లు ఏదైనా ఇవ్వబోతున్నప్పుడు ఒట్టి ‘డాంకె’ అంటే ‘వద్దులెండి, చాలు’ అని అర్థమవుతుంది. కావాలంటే ‘యా, గెర్నె’ అనాలి, లేదా ‘బిట్టె’ అనాలి. మనం కూడా విస్తరి ముందు కూర్చుని ‘చాలండీ’ అన్నామంటే వడ్డన ఆగుతుంది కదా, అక్కడ ఆ పని ‘డాంకె’ చేస్తుంది. ఆ అమ్మాయి కాఫీని తానే మూడు రోజులు తిప్పి పంపింది.

అందుకని మీ కార్డు ముందువైపు మాటను గానీ దాని అర్థాన్ని గానీ రాయకండి. సందర్భం రాయండి. ఈ అమ్మాయి చేత మళ్లీ రాయించిన కార్డు నా చేతిలో ఉంది, చదువుతాను. ముందువైపు: ‘విరామం. తోటి నర్సు కూజాతో వచ్చి ఇంకాస్త కాఫీ కావాలా అంది. నాకు కావాలి.’ వెనకవైపు మొదటి వరుసలో ‘యా, గెర్నె’, జర్మన్ అక్షరాల్లో. దాని కింద, గొంతు ఎలా ఉండాలో: ‘అత్తయ్య ఇంకో గరిటె పప్పు వేయబోతే, వేయండి అన్నట్టు.’ మూడో వరుసలో, ఎవరితో: ‘ఎవరితోనైనా, పెద్ద డాక్టరుతో కూడా.’ నాలుగోది, జాగ్రత్త: ‘ఒట్టి డాంకె అంటే వద్దని.’ చివరన, ఎక్కడ విన్నాను: ‘భోజనాల గది, రెండో వారం.’ మూడంగుళాల కార్డులో ఇంతే పడుతుంది, ఇంతే చాలు.

ఇదే మాటకు ఇంకో కార్డు కావాలి, ఎందుకంటే సందర్భం మారితే పని కూడా మారుతుంది. హోటల్లో బిల్లు 17 యూరోల 40 సెంట్లు అయిందనుకోండి. మీరు 20 నోటు ఇస్తూ ‘డాంకె’ అంటే, మిగిలింది ఉంచుకోమన్నట్టు అనుకోవచ్చు. ఆ 2 యూరోల 60 సెంట్లు తిరిగి రావు. 19 మాత్రం తీసుకోమనాలంటే నోటు ఇస్తూ ‘నొయిన్‌త్సేన్, బిట్టె’ అనాలి, అంటే పంతొమ్మిది అని. అప్పుడు ఒక యూరో మీ చేతికొస్తుంది. నిజంగా అంతా ఉంచుకోమనాలంటే ‘ష్టిమ్ట్ జో’ అంటారు. చిల్లర చేతిలో పడ్డాక మాత్రం ‘డాంకె’ హాయిగా చెప్పండి. మాట ఒకటే, కార్డులు రెండు. రెంటినీ ఒకే కార్డులో ఇరికిస్తే ఏదీ సమయానికి నోటికి రాదు.

ఇప్పుడు గొంతు సంగతి. చాలామంది కార్డు మూలన ‘మామూలు మాట’, ‘మర్యాద మాట’ అని ముద్ర వేసి వదిలేస్తారు. దానివల్ల ఏమీ తెలియదు. మీ ఇంట్లో ఎవరితో, ఏ సమయంలో, ఏ మాట ఆ గొంతుతో అంటారో ఆ తెలుగు వాక్యాన్నే రాసుకోండి. ఉదాహరణకు ‘మాల్’ అనే చిన్న మాట ఉంది. ‘కొమ్ హేర్’ అంటే ‘ఇటు రా’, కాస్త గద్దింపుగా ఉంటుంది. ‘కొమ్ మాల్ హేర్’ అంటే ‘ఒకసారి ఇటు రా’. ఆ ‘మాల్’ పుట్టింది కూడా ‘ఒకసారి’ అనే అర్థమున్న ‘ఐన్‌మాల్’ నుంచే. మనం ‘ఒకసారి ఆ ఫైలు ఇవ్వవా’ అన్నప్పుడు ఎన్నిసార్లు అని ఎవరూ లెక్కపెట్టరు, మాటలోని బరువు తగ్గించడానికే ఆ ‘ఒకసారి’. జర్మన్లదీ అదే పని. నిఘంటువు తిరగేస్తే ఇది దొరకడం కష్టం. మీ తెలుగు వాక్యం పక్కన పెడితే వెంటనే పట్టుబడుతుంది. దీని కార్డులో జాగ్రత్త వరుస ఒకటి తప్పనిసరి: ‘కొమ్ మాల్ హేర్’ అనేది ‘దూ’ అని పిలుచుకునే తోటివాళ్లతోనే. రోగిని పక్కకు తిరగమనాలంటే ‘క్యోన్‌టెన్ జీ బిట్టె’ అంటూ మొదలుపెట్టాలి, ‘దయచేసి మీరు కాస్త’ అన్నట్టు.

‘దూ’ మన నువ్వు, ‘జీ’ మన మీరు. ఇంతవరకూ మీకు తెలుసు. అయితే తెలుగు వాక్యం మనకు దారి చూపేది ఇక్కడివరకే, ఇక్కడ నుంచి దారి తప్పిస్తుంది. నాకు అన్నిటికన్నా ఆందోళన ఇక్కడే.

చాలా వార్డుల్లో తోటి నర్సులు ఒకరినొకరు ‘దూ’ అనే పిలుచుకుంటారు. పన్నెండు రోజులు అదే వింటే మీ నోటికి అదే పడుతుంది. పదమూడో రోజు ఎనభై ఏళ్ల రోగితో అదే అనేస్తారు. ఆయనకు అది చనువుగా వినపడదు, తనను చిన్నపిల్లవాణ్ని చేసినట్టు ఉంటుంది. అలాగే ఇక్కడ మనం ప్రేమగా ‘తాతగారూ, మందు వేసుకోండి’ అంటాం, అందరూ సంతోషిస్తారు. అక్కడ ముఖపరిచయం లేని పెద్దాయనను ‘ఓపా’ అని పిలిస్తే అవమానం. ‘హెర్’ అని ఇంటిపేరు కలిపి పిలవాలి, ఆడవాళ్లయితే ‘ఫ్రావ్’ అని. 

ఇంకొకటి, మనకు మరీ దగ్గరిది. ‘మనం ఇప్పుడు మాత్రలు వేసుకుందామా’ అని రోగిని బుజ్జగిస్తాం. జర్మన్‌లోనూ కొందరు నర్సులు అలా ‘మనం’ అంటారు, మీరు వింటారు కూడా. విన్న వెంటనే ‘అచ్చం మనలాగే ఉందే’ అని మనసుకు హత్తుకుంటుంది. కానీ అక్కడ పెద్దవాళ్లకది పిల్లలతో మాట్లాడినట్టుగా గుచ్చుకుంటుంది. ‘మీరు మీ మాత్రలు వేసుకున్నారా’ అని ‘జీ’ తో నేరుగా అడగడమే మర్యాద.

ఇటువంటి మాటలను పారేయకండి. కార్డు రాయండి, మూలన ఎర్ర గీత గీయండి. ఎర్ర గీత ఉంటే అది చెవికి మాత్రమే, నోటికి కాదు. కుర్రాళ్లు ప్రతి వాక్యం చివర వాడే పిలుపులు, ఊరి యాస మాటలు, బూతులు అన్నీ ఇందులోకే. వింటే అర్థం కావాలి, అంతే. ఎర్ర గీత చెరపాలంటే నా షరతు ఒకటే: మీ వయసులో, మీ హోదాలో ఉన్న ముగ్గురు వేర్వేరు మనుషులు ఆ మాటను వేర్వేరు రోజుల్లో అనగా వినాలి. ఒక్కరి దగ్గర విన్నది ఆ మనిషి అలవాటే కావచ్చు.

మరి ‘దూ’కు ఎప్పుడు మారాలి? ముందు మీరు మారకండి. పెద్దవాళ్లో పైవాళ్లో మొదట అనాలి. ‘మనం దూ అనుకుందాం’ అనే అర్థంలో ‘దూత్సెన్’ అనే మాట వాళ్ల నోట వినపడితే, ‘గెర్నె’ అని మీ పేరు చెప్పండి. మళ్లీ అదే మనిషిని మర్నాడు ‘జీ’ అని పిలిస్తే ముఖం తిప్పుకున్నట్టు ఉంటుంది. కనుక ఈ కార్డు వెనక ఆ వార్డులో ఎవరెవరు ‘దూ’ అన్నారో పేర్లు రాసుకోండి. చిన్నతనంగా అనిపించినా రాయండి.

కార్డులు ఎలా తిప్పాలో ఒక మాట. 1972లో జర్మన్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ ఒక అరల పెట్టెను ప్రచారంలోకి తెచ్చారు. అయిదు అరలు. సరిగ్గా చెప్పిన కార్డు తర్వాతి అరకు, తప్పినది మళ్లీ మొదటి అరకు. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీస్తే చాలు, మిగిలినవి ఇంకా నెమ్మదిగా. కంప్యూటర్‌లో, ఫోనులో ఇదే పని చేసే అంకీ ఉంది, అదీ మంచిదే. మన కార్డులకు మాత్రం ఒక నియమం అదనం: ముందువైపు సందర్భం చదివి, లేచి నిలబడి, ఎదుట ఆ మనిషి ఉన్నట్టే పైకి అనాలి. మాట గుర్తొచ్చినా గొంతు గద్దింపుగా వచ్చిందంటే తప్పినట్టే, మొదటి అరలో పడేయండి. వారానికి అయిదారు కొత్త కార్డులు మించి రాయకండి. అంతకు మించితే మీరు విన్నవి కాకుండా పుస్తకంలోంచి ఎత్తి రాసినవి చేరతాయి.

ఏ కార్డు తప్పో ఎలా తెలుస్తుంది? ఎదుటివాళ్ల జవాబును చూడండి. డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్లకు, ఉండిపోయేవాళ్లు ‘షోనెన్ ఫైరాబెంట్’ అంటారు. పని ముగిసిన ఈ సాయంత్రం హాయిగా గడవాలని. పోయేవాళ్లు ఉండేవాళ్లకు ‘రూయిగెన్ డీన్‌స్ట్’ అంటారు, మీ డ్యూటీ ప్రశాంతంగా సాగాలని. ఆ అమ్మాయి ఒక రోజు తాను ఇంటికి బయలుదేరుతూ, రాత్రి డ్యూటీకి అప్పుడే చేరిన నర్సుతో ‘షోనెన్ ఫైరాబెంట్’ అంది. ఆవిడ గడియారం వైపు చూసి నవ్వింది. ఇంటికొచ్చి కార్డు తీస్తే, సందర్భం దగ్గర ‘డ్యూటీ మారేటప్పుడు’ అని మాత్రమే ఉంది. ఎవరు పోతున్నారో లేదు. దాన్ని కొట్టేసి రెండు కార్డులు చేసింది. ఒకదాని ముందువైపు ‘నేను ఉంటున్నాను, ఆమె వెళ్తోంది’, ఇంకోదానిపై ‘నేను వెళ్తున్నాను, ఆమె ఉంటోంది’.

బల్ల మీద ఖాళీ కార్డులున్నాయి. మనిషికి ఇరవై తీసుకోండి.