పందెం ఎంత? (సుధీర్, మాధవి పాడ్‌కాస్ట్ లిఖిత రూపం)

సుధీర్: నమస్కారం. ఈసారి మాట్లాడతామని చెప్పింది 1956 నాటి జాన్ కెల్లీ పేపర్ గురించి. ఆయన పనిచేసిన అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్, గుర్రప్పందేలు, సమాచార సిద్ధాంతం, అన్నీ. అక్కా, మొదలుపెట్టు.

మాధవి: ముందు బొబ్బిలి బాబాయ్‌కి ఒక నమస్కారం.

సుధీర్: (నవ్వు) ఆయన ఈ ఎపిసోడ్ వినడు.

మాధవి: వింటాడు. సరే. కెల్లీ పేపర్‌లో కథ ఇది. ఒక పందెగాడి దగ్గర ప్రైవేటు తీగ ఒకటి ఉంది. ఫలితం అందరికంటే ముందు అతనికి తెలుస్తుంది. కానీ ఆ తీగలో గరగర శబ్దం, అప్పుడప్పుడూ తప్పుడు కబురు వస్తుంది. నిజమని నమ్మి మొత్తం పెడితే ఏదో ఒక రోజు ఒక్క తప్పుడు కబురుతో సున్నా అయిపోతాడు. మరి ఎంత పెట్టాలి? సొమ్ము లాగరిథమ్ సగటు ఎక్కువయ్యేలా పెట్టాలి అన్నాడు కెల్లీ. అలా పెడితే సొమ్ము పెరిగే వేగం ఆ తీగ మోయగల సమాచారంతో సరిగ్గా సమానమని చూపించాడు.

సుధీర్: అదీ పేపర్. ఇక నాణెం.

మాధవి: అప్పుడేనా?

సుధీర్: మనవాళ్ళకి లెక్క కావాలక్కా. బొమ్మ పడే అవకాశం 60 శాతం ఉన్న నాణెం. బొమ్మ పడితే పెట్టినంత వస్తుంది, బొరుసు పడితే పెట్టింది పోతుంది. చేతిలో వెయ్యి రూపాయలు. ప్రతిసారీ ఉన్నదాంట్లో ఎంత వాటా పెట్టాలి?

మాధవి: వాటా f అనుకో. గెలిస్తే సొమ్ము (1+f) రెట్లు, ఓడితే (1−f) రెట్లు. వంద పందేల్లో దాదాపు 60 గెలుపు, 40 ఓటమి. గుణించుకుంటూ పోయేదాన్ని కూడికగా మార్చేదే లాగ్. అంటే 0.6 log(1+f) + 0.4 log(1−f) అన్నది పెద్దదవ్వాలి. f కొంచెం పెంచితే గెలుపు వైపు లాభం 0.6/(1+f), ఓటమి వైపు నష్టం 0.4/(1−f). రెండూ సమానమయ్యే చోట f = 0.2.

సుధీర్: అంటే ప్రతిసారీ ఉన్నదాంట్లో 20 శాతం. గెలుపు అవకాశం p అనుకుంటే, సరిపందెంలో సూత్రం 2p − 1, అంతే.

మాధవి: ఇప్పుడు అదే 60-40 ఫలితాన్ని మూడు వాటాలతో చూద్దాం. 20 శాతం పెడుతూ పోతే వెయ్యి రూపాయలు దాదాపు 7,490 అవుతాయి. 10 శాతం పెడితే 4,500. 40 శాతం పెడితే 783.

సుధీర్: 40 పెట్టినవాడు, గెలిచే అవకాశమున్న పందెంలోనే, 60 సార్లు గెలిచి కూడా, మొదలుపెట్టినదానికంటే తక్కువతో లేస్తాడు. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే గట్టిగా తగిలే సంగతి ఇదే.

మాధవి: అదే 40 శాతం వాడి సగటు లాభం మాత్రం చాలా గొప్పగా కనిపిస్తుంది. ఒక్కో పందేనికి సగటున 8 శాతం. వంద పందేలకి సగటు 2,200 రెట్లు. వెయ్యికి 22 లక్షలు. అదంతా ఎక్కడుంటుందంటే, బొమ్మలు అసాధారణంగా ఎక్కువ పడ్డ కొద్దిమంది దగ్గర. మధ్యలో ఉండే మనిషి దగ్గర 783.

సుధీర్: సగటు మనిషి వేరు, మధ్యస్థ మనిషి వేరు. బ్లాక్‌జాక్ ఎపిసోడ్‌లో చెప్పాం కదా. గణితవేత్త ఎడ్వర్డ్ థోర్ప్ బల్ల దగ్గర కూర్చుని కార్డులు లెక్కపెట్టి, చేతిలో ఆధిక్యం ఎంతుందో చూసుకుని పందెం మార్చింది ఈ లెక్కతోనే.

మాధవి: సరే, నా ప్రశ్న.

సుధీర్: వచ్చేసింది.

మాధవి: ఆ 60 ఎవరిచ్చారు?

సుధీర్: నాణెం మీద రాసుంది అనుకోక్కా.

మాధవి: నాణెం మీద రాసుండదు సుధీర్. నిజమైన పందెంలో 60 అన్నది నువ్వు ఊహించిన అంకె. అదే 55 అయితే?

సుధీర్: 55 అయితే 10 శాతం పెట్టాలి.

మాధవి: నువ్వు 60 అనుకుని 20 పెట్టావు కదా! సరైన వాటాకి సరిగ్గా రెట్టింపు. లెక్క వేసి చూడు. 0.55 × log 1.2 + 0.45 × log 0.8. సున్నాకి కొంచెం కింద. నీకు నిజంగానే ఆధిక్యం ఉంది, వందలో 55 గెలుస్తున్నావు, అయినా దీర్ఘకాలంలో ఒక్క రూపాయి పెరగదు. పైగా ఆ దారి పొడవునా సొమ్ము సగానికి పడుతూ, మళ్ళీ లేస్తూ ఉంటుంది.

సుధీర్: ఊఁ.

మాధవి: ఇప్పుడు ఎదురువైపు తప్పు. నిజం 65, నువ్వు 60 అనుకున్నావు. పెట్టాల్సింది 30, పెట్టింది 20. పెరుగుదల ఒక్కో పందేనికి 4.6 శాతం రావాల్సింది 4.0 దగ్గర ఆగింది. అంతే నష్టం. ఒకే సైజు తప్పు, ఒకవైపు పెరుగుదలలో కాస్త తరుగు, ఇంకోవైపు పెరుగుదల మొత్తం మాయం. కాబట్టి అంకె తెలియనివాడు తక్కువవైపే నిలబడాలి. సగం కెల్లీ, అంటే సూత్రం చెప్పిన వాటాలో సగం.

సుధీర్: నేను ఒప్పుకోను.

మాధవి: ఎందుకు?

సుధీర్: నీ వాదన p తెలియనప్పటిది. p తెలిసిన ఆటలో సగం పెట్టడం డబ్బు వదులుకోవడమే. 2016లో విక్టర్ హఘానీ, రిచర్డ్ డ్యూయీ చేసిన ప్రయోగం చూడు. 61 మంది, ఎక్కువమంది ఫైనాన్స్, ఎకనామిక్స్ చదువుతున్నవాళ్ళు, ఫైనాన్స్ రంగంలో కొత్తగా చేరినవాళ్ళు. ఇదే 60-40 నాణెం, 25 డాలర్లు, అరగంట సమయం. బొమ్మకి 60 శాతం అని వాళ్ళకి ముందే చెప్పేశారు. గెలుచుకోగలిగే మొత్తానికి పైకప్పు 250 డాలర్లు. 28 శాతం మంది పూర్తిగా ఖాళీ చేసుకున్నారు.

మాధవి: ఖాళీ చేసుకున్నవాళ్ళు సగం కెల్లీ పెట్టలేదు కదా.

సుధీర్: అదే నా మాట! అంకె చేతిలో పెట్టినా, 18 మంది ఏదో ఒక విసురుకి ఉన్నదంతా పెట్టేశారు. మూడింట రెండొంతుల మంది ఎప్పుడో ఒకప్పుడు బొరుసు మీద పందెం కాశారు. 40 శాతం ఉన్నవైపు! వాళ్ళకి కావాల్సింది సగం కాదక్కా, ఏదో ఒక నియమం. 20 అని చెప్పుంటే పైకప్పుకి దాదాపు అందరూ చేరేవాళ్ళు.

మాధవి: 10 అని చెప్పినా చాలామంది చేరేవాళ్ళు. అరగంట చాలా పొడవు. హఘానీ ఎవరో చెప్పు.

సుధీర్: లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ భాగస్వాముల్లో ఒకడు.

మాధవి: 1998లో కూలిపోయిన ఫండ్. అక్కడున్న లెక్కలు మామూలు లెక్కలు కాదు. అయినా అంచనాలు తప్పాయి, అప్పు తెచ్చి పెట్టిన పందేలు పెద్దవి. మళ్ళీ అడుగుతున్నా, ఆ 60 ఎవరిచ్చారు?

సుధీర్: (నవ్వు) ఆ మాట టీ షర్టు మీద కొట్టించి ఇస్తా.

మాధవి: కొట్టించు. ఇంకొక సంగతి, ఇది p ఖచ్చితంగా తెలిసినా ఉండేదే. పూర్తి కెల్లీతో ఆడేవాడి సొమ్ము ఎప్పుడో ఒకప్పుడు మొదటిదానిలో సగానికి పడే అవకాశం సుమారుగా 50 శాతం. మూడోవంతుకి పడే అవకాశం మూడోవంతు. సగం కెల్లీతో సగానికి పడే అవకాశం ఎనిమిదో వంతు. దానికి చెల్లించే ధర, పెరుగుదలలో నాలుగో వంతు. ఇందాక 7,490, 4,500 చూశావుగా, ఒక్కో పందేనికి 2 శాతం బదులు 1.5.

సుధీర్: సగానికి పడితే ఏం? నియమం ప్రకారం ఆడితే మళ్ళీ లేస్తుంది. లాగ్ అర్థమే అది.

మాధవి: నాణేనికి లేస్తుంది. మనిషి సంగతేంటి? మా పిన్ని భూమి అమ్మిన డబ్బు సగం అయిపోయిన రోజు ఇంట్లో ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం ఆవిడకి నియమం చెప్పేవాళ్ళు ఎవరూ ఉండరు. పడ్డ చోటే ఆపేస్తారు. ఆపేస్తే ఆ దీర్ఘకాలం ఇక రాదు.

సుధీర్: ...అవును.

మాధవి: అందుకే ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ జీవితాంతం దీని మీద పోట్లాడాడు. ఎక్కువకాలం ఆడితే లాగ్ ప్రకారం పెట్టేవాడు మిగతావాళ్ళని గెలిచే అవకాశం ఒకటికి దగ్గరవుతుంది, అది ఆయనా కాదనలేదు. కానీ అది ‘ప్రతి మనిషీ లాగ్‌నే కోరుకోవాలి’ అని రుజువు చేయదు అన్నాడు. నష్టం అంటే ఇంకా ఎక్కువ భయపడేవాడు ఇంకా తక్కువ పెడితే అది తప్పేమీ కాదు. 1979లో ఈ వాదన మీద రాసిన పేపర్‌లో దాదాపు అన్నీ ఒక్క సిలబుల్ ఉన్న ఇంగ్లీషు మాటలే వాడాడు, అంత విసుగొచ్చింది ఆయనకి.

సుధీర్: ఆయన మాట కూడా సరే. నా అభ్యంతరం ఒక్కటే, సగం కెల్లీ పెడుతూ ‘ఇదే గణితం చెప్పింది’ అనొద్దు. నీ భయానికి నువ్వు ఇచ్చిన విలువ అది. భయానికి విలువ ఇవ్వడం మంచిదే, దాన్ని విడిగా పేరు పెట్టి చెప్పాలి.

మాధవి: అది ఒప్పుకుంటా. కానీ p లో ఉన్న సందేహం భయం కాదు, అదీ గణితమే.

సుధీర్: ఒక శ్రోత ఉత్తరం చదువుతా. నెల్లూరు నుంచి. ‘నేను క్రికెట్ పందేల యాప్‌లో ఆడుతున్నాను, కెల్లీ ప్రకారం నా జీతంలో ఎంత వాటా పెట్టమంటారు?’

మాధవి: సున్నా.

సుధీర్: వివరించు.

మాధవి: సూత్రం మొదట అడిగేది ఆధిక్యం ఉందా అని. (bp − q)/b. గెలిస్తే రూపాయికి b లాభం వస్తుంది, p గెలుపు అవకాశం, q ఓటమి అవకాశం. నిర్వాహకుడు తన వాటా ముందే తీసేసి నిష్పత్తులు ఇస్తాడు. రెండువైపులా సమాన అవకాశమున్న మ్యాచ్‌కి రూపాయికి 90 పైసలే ఇస్తాడనుకో. 0.9 × 0.5 − 0.5 అంటే మైనస్. వాటా మైనస్ వస్తే అర్థం, ఆ పందెం అవతలివైపు నుంచి కాయాలి, కుదరకపోతే లేవాలి. ఎంత తెలివిగా పెట్టినా మైనస్ ఆటని ప్లస్ చేసే వాటా లేదు. పైగా ఆంధ్రలోనూ తెలంగాణలోనూ అది చట్టవిరుద్ధం. తమ్ముడూ, ఆ యాప్ తీసెయ్. ఎవరికైనా బాకీ పడి ఉంటే ఈ రాత్రే ఇంట్లో చెప్పు.

సుధీర్: ఆయనకి విడిగా జవాబు రాస్తాను.

మాధవి: రాయి.

సుధీర్: ... కెల్లీ గురించి ఇంకో మాట. 1965లో, 41 ఏళ్ళకే పోయాడు. మెదడులో నరం దెబ్బతిని, న్యూయార్క్‌లో నడుస్తూ నడుస్తూ. అసలీ సూత్రం ఇంత దూరం వెళ్తుందని చూడనే లేదు.

మాధవి: చూడలేదు. నువ్వు ఇందాక ఇంకేదో అడగబోయావు.

సుధీర్: అవును. రెండు నాణేలు ఒకేసారి. రెండూ 60-40, ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. ఒక్కోదానికి ఎంత?

మాధవి: నువ్వేమనుకుంటున్నావ్?

సుధీర్: సగం సగం, పదీ పదీ.

మాధవి: కాదు. రెండూ బొమ్మ 36 శాతం, రెండూ బొరుసు 16 శాతం, మిగతా 48లో ఒకటి గెలిచి ఒకటి ఓడి లెక్క సరి. 0.36/(1+2f) = 0.16/(1−2f). f దాదాపు 0.192. ఒక్కోదానికి 19 శాతం చిల్లర. రెండో నాణెం వల్ల ఒక్కోదాని వాటా తగ్గింది ఒక్క శాతం లోపే.

సుధీర్: మొత్తం 38 పెడతామా? ఇందాక 40 అంటే మునిగిపోతాడన్నాం!

మాధవి: ఒకే నాణెం మీద 40 వేరు, విడివిడి నాణేల మీద 38 వేరు. ఇప్పుడు ఆ రెండూ అసలు ఒకటే అనుకో, ఒకటి బొమ్మ పడితే రెండోదీ బొమ్మే పడుతుంది. అప్పుడే నీ పదీ పదీ.

సుధీర్: అంటే రెండు బ్యాంకుల షేర్లు కొని, విడివిడి పందేలనుకుంటే...

మాధవి: రెండూ ఒకే రోజు పడతాయి. నువ్వు 19, 19 పెట్టి కూర్చుంటావు, నిజానికి అది ఒకే నాణెం మీద 38. వృద్ధి దాదాపు సున్నా.

సుధీర్: ఆ రెండూ ఎంతవరకు కలిసి కదులుతాయో ఎవరు చెప్తారక్కా?

మాధవి: చూశావా, నువ్వే అడిగావు.

సుధీర్: లేదు లేదు, ఆ టీ షర్టు నాకొద్దు. ముందు ఆ నెల్లూరు ఉత్తరానికి జవాబు రాసొస్తా, రికార్డింగ్ ఆపెయ్.