ఫోకల్ లెంగ్త్‌నే కాదు, ఎఫ్ నంబరునూ గుణించాలి

(విజయవాడలో పెళ్లి ఫోటోగ్రాఫర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. రాత్రి ముహూర్తాల సీజన్ మధ్యలో వీలు చేసుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మనలో చాలామంది బృందంలో రెండు రకాల బాడీలు ఉంటాయి. మెయిన్ ఫోటోగ్రాఫర్ చేతిలో ఫుల్ ఫ్రేమ్, రెండో మనిషి చేతిలో క్రాప్ బాడీ. ఆల్బమ్ డిజైన్‌కి కూర్చున్నప్పుడు ఇద్దరి ఫోటోలూ ఒకే షీట్ మీద పక్కపక్కన పెడితే ఒకటి మెత్తగా, శుభ్రంగా ఉంటుంది, రెండోదానిలో వెనక డెకరేషన్ గజిబిజిగా, నీడల్లో గ్రెయిన్స్‌తో కనిపిస్తుంది. "క్రాప్ బాడీ అంతే" అని పక్కన పెట్టేస్తాం. ఆ తేడా ఎంతో ముందే లెక్క కట్టవచ్చు. చాలా సందర్భాల్లో దాన్ని పూర్తిగా సరిచేయవచ్చు కూడా.

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు. పాత 35 ఎం.ఎం. ఫిల్మ్ ఫ్రేమ్ కొలతే అది. 1925లో లైకా కెమెరాతో జనంలోకి వచ్చిన ఆ కొలత ఇప్పటికీ మనకు గీటురాయి. నికాన్, సోనీ, ఫ్యూజీ క్రాప్ బాడీల్లో సెన్సర్ సుమారు 23.5 × 15.6, అందుకే క్రాప్ ఫ్యాక్టర్ 1.5. కెనాన్‌లో అది కాస్త చిన్నది, దాదాపు 22.3 × 14.9, కాబట్టి 1.6. ఈ రోజు లెక్కలన్నీ 1.5తోనే చేస్తాను. కెనాన్ వాడేవాళ్లు 1.6 వేసుకోండి.

ఇప్పుడు ఒక మండపం ఊహించుకుందాం. వధూవరులు పీటల మీద ఉన్నారు. మూడు మీటర్ల దూరంలో ఇద్దరు ఫోటోగ్రాఫర్లు భుజం భుజం ఆనించి నిలబడ్డారు. ఇద్దరి దగ్గరా ఒకే లెన్స్, 50 ఎం.ఎం. ఎఫ్ 1.8. ఒకరిది ఫుల్ ఫ్రేమ్, ఒకరిది క్రాప్.

ఎంత వెడల్పు కనిపిస్తుందో చూడటం సులభం. దూరాన్ని సెన్సర్ వెడల్పుతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించాలి. ఫుల్ ఫ్రేమ్‌కి 3 × 36 ÷ 50, అంటే 2 మీటర్ల 16 సెంటీమీటర్లు. దంపతులతో పాటు పక్కన కూర్చున్న తల్లిదండ్రులు కూడా కొంత వస్తారు. క్రాప్‌కి 3 × 23.5 ÷ 50, అంటే 1 మీటరు 41 సెంటీమీటర్లు. దంపతులు మాత్రమే, అదీ బిగించినట్టు. లెన్స్ ఏమీ మారలేదు, 50 ఎప్పుడూ 50నే. అది గీసిన బొమ్మలో మధ్య భాగాన్ని మాత్రమే చిన్న సెన్సర్ పట్టుకుంది.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. క్రాప్ బాడీ "కంప్రెషన్" ఇస్తుందని, వెనకున్నవాటిని దగ్గరకు లాగుతుందని అంటారు. సీతానగరం ఒడ్డున ఒకే చోట నిలబడి ప్రకాశం బ్యారేజీని, దాని వెనక ఇంద్రకీలాద్రిని ఏ సెన్సర్‌తో తీసినా గేట్లకూ కొండకూ మధ్య పరిమాణాల నిష్పత్తి మారదు. అది మారాలంటే మీ కాళ్లు కదలాలి. కాకపోతే క్రాప్ బాడీతో అదే ఫ్రేమ్ కోసం మనం వెనక్కి జరుగుతాం, ఆ జరగడం వల్ల వచ్చిన మార్పును సెన్సర్ ఖాతాలో వేస్తాం.

ఈ వెనక్కి జరగడం గుర్తుంచుకోండి, ఎందుకంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ మీద జరిగే వాదనలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. "క్రాప్‌లో ఫోకస్ లోతు ఎక్కువ" అని ఒకరు, "కాదు, తక్కువ" అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కానీ వేరువేరు ప్రశ్నలకు.

మన ఇద్దరు ఫోటోగ్రాఫర్లూ కదలకుండా, ఒకే లెన్స్‌తో, ఎఫ్ 1.8లో తీశారనుకోండి. ఫుల్ ఫ్రేమ్‌లో షార్ప్‌గా కనిపించే లోతు సుమారు 39 సెంటీమీటర్లు. క్రాప్‌లో సుమారు 26. అవును, క్రాప్‌లోనే తక్కువ. కారణం ప్రింటు. 12 × 18 ఇంచుల ప్రింటుకి ఫుల్ ఫ్రేమ్ బొమ్మను దాదాపు 13 రెట్లు పెంచితే చాలు, క్రాప్ బొమ్మను 19 రెట్లకు పైగా పెంచాలి. బొమ్మతో పాటు బ్లర్ కూడా పెరుగుతుంది. కాబట్టి అదే కాగితం మీద షార్ప్ అనిపించే హద్దు కుంచించుకుపోతుంది.

ఇప్పుడు క్రాప్ ఫోటోగ్రాఫర్ అదే ఫ్రేమ్ కోసం నాలుగున్నర మీటర్లకు వెనక్కి వెళ్లాడు. లోతు ఒక్కసారిగా 58 సెంటీమీటర్లకు చేరింది. 39కి ఒకటిన్నర రెట్లు. పెళ్లిలో మనం ఫ్రేమ్ చూసుకునే తీస్తాం కదా, అందుకే మన అనుభవంలో క్రాప్ అంటే "వెనక బ్లర్ తక్కువ" అని ముద్ర పడింది. వెనక పూల డెకరేషన్ గజిబిజిగా కనిపించడానికి కారణం ఇదే.

ఇక చీకటి. రెండు బాడీల్లోనూ ఎఫ్ 1.8, షట్టర్ 1/160, ఐఎస్ఓ 1600 పెడితే రెండు ఫోటోలూ ఒకే వెలుతురుతో వస్తాయి. క్రాప్ బాడీలో ఎక్స్‌పోజర్ కోసం ఏమీ గుణించకూడదు. ఫ్లాష్ పవర్ లెక్కకు కూడా లెన్స్ మీద రాసిన ఎఫ్ నంబరే. మరి గ్రెయిన్స్ ఎందుకు ఎక్కువ?

వాకిట్లో వాన పడుతున్నప్పుడు ఒక గంగాళం, ఒక గిన్నె పెట్టండి. రెండింటిలోనూ నీళ్లు ఒకే ఎత్తు నిండుతాయి. కానీ మొత్తం నీళ్లు గంగాళంలోనే ఎక్కువ. ఆ ఎత్తు మన ఎక్స్‌పోజర్, ఆ మొత్తం మన సెన్సర్ పట్టిన కాంతి. ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు, క్రాప్‌ది దాదాపు 367. రెండున్నర రెట్లకు కాస్త తక్కువ. స్టాపుల్లో చెబితే ఒకటింపావు. తక్కువ వెలుతురులో కనిపించే గ్రెయిన్స్‌లో పెద్ద వాటా కాంతి కణాలు తగినన్ని చేరకపోవడం వల్ల వచ్చేదే, కాబట్టి మొత్తం కాంతి ఎంత చేరిందన్నదే ముఖ్యం. ఒకే తరం సెన్సర్లయితే క్రాప్‌లో 1600 దగ్గర కనిపించే గ్రెయిన్స్, ఫుల్ ఫ్రేమ్‌లో 3200 దాటాక గానీ కనిపించవు.

ఈ మూడు విషయాలనూ కలిపి కట్టే దారం ఒక్కటే. లెన్స్‌లో కాంతి దూరే రంధ్రం వ్యాసం. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే అది వస్తుంది. క్రాప్ బాడీ మీద 35 ఎం.ఎం. ఎఫ్ 1.8 తీసుకోండి: 35 ÷ 1.8, సుమారు 19 మిల్లీమీటర్ల రంధ్రం. ఫుల్ ఫ్రేమ్ మీద 24-70 ఎఫ్ 2.8 జూమ్‌ను 52 దగ్గర పెట్టండి: 52 ÷ 2.8, మళ్లీ దాదాపు 19. ఫ్రేమ్ వెడల్పు రెండింటిలోనూ ఒకటే, ఎందుకంటే 35 × 1.5 అంటే 52.5. రంధ్రమూ ఒకటే కాబట్టి ఆ ఫ్రేమ్ నుంచి లోపలికి వచ్చే మొత్తం కాంతీ ఒకటే. మూడు మీటర్ల దగ్గర లోతు ఒకదానిలో 53, ఇంకోదానిలో 56 సెంటీమీటర్లు. కంటికి తేడా తెలియదు.

అందుకే పోల్చేటప్పుడు ఎఫ్ నంబరునూ క్రాప్ ఫ్యాక్టర్‌తో గుణించాలి. 1.8 × 1.5 = 2.7. క్రాప్ బాడీ మీద 35 ఎఫ్ 1.8 చేసే పని, ఫుల్ ఫ్రేమ్ మీద 52 ఎఫ్ 2.7 చేసే పనితో సమానం. ఫోకల్ లెంగ్త్‌ను మాత్రమే గుణించి "నా 35 ఎఫ్ 1.8 మీ 50 ఎఫ్ 1.8 లాంటిదే" అనుకోవడం దగ్గరే ఆల్బమ్‌లో తేడా పుడుతోంది.

దీన్ని మండపంలో ఇలా వాడండి. మెయిన్ ఫోటోగ్రాఫర్ 24-70తో ఎఫ్ 2.8, 1/160, ఐఎస్ఓ 3200లో తీస్తున్నాడు. రెండో మనిషికి కిట్ లెన్స్ ఇవ్వకండి. అది 35 దగ్గర ఎఫ్ 4.5 లేదా 5 కంటే తెరుచుకోకపోవచ్చు. 35 ఎఫ్ 1.8 ప్రైమ్ ఇచ్చి, ఎఫ్ 1.8, 1/160, ఐఎస్ఓ 1250 పెట్టించండి. ఐఎస్ఓ తగ్గడం చూసి కంగారు పడొద్దు, తెరిచిన ఆ ఒకటింపావు స్టాపుకే అది తగ్గింది. రెండు ఫోటోలూ ఒకే షీట్‌లో కలిసిపోతాయి. మెయిన్ ఫోటోగ్రాఫర్ ఎఫ్ 1.4 ప్రైమ్ తగిలిస్తే మాత్రం ఈ సమానం కుదరదు. దానికి జోడీగా క్రాప్‌లో ఎఫ్ 0.95 కావాలి, అది మన బ్యాగుల్లో ఉండే లెన్స్ కాదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, ఫుల్ ఫ్రేమ్ కొనబోయేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది. జీలకర్ర బెల్లం సమయంలో దంపతుల ముఖాలతో పాటు వెనక నిలబడ్డ మేనమామ ముఖం కూడా షార్ప్‌గా కావాలి. మూడు మీటర్ల దగ్గర 80 సెంటీమీటర్ల లోతు అవసరం. క్రాప్ మీద 35తో ఎఫ్ 2.8 సరిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 50తో ఎఫ్ 4కి వెళ్లక తప్పదు. షట్టర్ తగ్గించలేం, చేతులు కదులుతుంటాయి. కాబట్టి క్రాప్‌లో ఐఎస్ఓ 1600 అయితే ఫుల్ ఫ్రేమ్‌లో 3200. పెద్ద సెన్సర్ లాభం అక్కడికక్కడే ఖర్చైపోయింది. తక్కువ లోతును ఒప్పుకున్నప్పుడే చీకట్లో ఫుల్ ఫ్రేమ్ మనల్ని గట్టెక్కిస్తుంది. రెండు వరుసల గ్రూప్ ఫోటోకి దాని వల్ల గ్రెయిన్స్ తగ్గుతాయని ఆశించవద్దు, అక్కడ మంచి లైట్ పెట్టడమే మార్గం.

ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. క్రాప్ బాడీ కోసం చేసిన లెన్స్ మీద రాసిన 35 కూడా అసలైన 35నే. ముందే గుణించి రాసింది కాదు. ఆ లెన్స్‌ను ఫుల్ ఫ్రేమ్ బాడీకి తగిలిస్తే చాలా కెమెరాలు చెప్పకుండానే క్రాప్ మోడ్‌లోకి వెళ్తాయి. 24 మెగాపిక్సెళ్లు కాస్తా దాదాపు 10 అవుతాయి. 12 × 36 షీట్‌లో సగం నిండే ఫోటోకి ఇంచికి 330 పిక్సెళ్లు రావాల్సిన చోట 220 దగ్గర ఆగిపోతాయి. ఫైల్ వెడల్పు 6000కి బదులు 3900 చూపిస్తే అదే జరిగిందని అర్థం.

ఇంటికెళ్లాక గోడకు టేపు అడ్డంగా అంటించి, సెన్సర్ నుంచి సరిగ్గా మూడు మీటర్లు కొలిచి నిలబడండి. బాడీ పైన సున్నాకు అడ్డగీత గీసినట్టుండే గుర్తు ఉంటే అదే సెన్సర్ ఉన్న చోటు. 50 దగ్గర ఒక ఫోటో తీసి అంచుల మధ్య ఎన్ని సెంటీమీటర్లు కనిపిస్తున్నాయో చదవండి. 210 దరిదాపుల్లో వస్తే ఫుల్ ఫ్రేమ్ మొత్తం వాడుకుంటోంది, 140 దరిదాపుల్లో అయితే క్రాప్. తర్వాత వీడియోకి మార్చి, మీరు వాడే ఒక్కో మోడ్‌లో మళ్లీ చదవండి. కొన్ని ఫుల్ ఫ్రేమ్ బాడీలు 4కేలో సెకనుకు 60 ఫ్రేములు పెట్టగానే క్రాప్ అవుతాయి. ఎలక్ట్రానిక్ స్టెబిలైజేషన్ ఆన్ చేసినా ఇంకొంచెం కోస్తాయి. ఫోటో మోడ్‌లో వచ్చిన అంకెను ఆ మోడ్‌లో వచ్చిన అంకెతో భాగిస్తే దాని క్రాప్ ఫ్యాక్టర్ మీ చేతికి వస్తుంది. స్లో మోషన్‌లో దంపతుల నడక తీసేటప్పుడు ఏ లెన్స్ పెట్టాలో, గ్రెయిన్స్ ఎంత పెరుగుతాయో ఆ అంకెతోనే తేల్చుకోవచ్చు.