పప్పన్నంలో కొవ్వు ఎంత శాతం? కేలరీల లెక్క ఇట్లా చేయాలె

[తెరపై: అన్నం, కందిపప్పు, పెరుగు ఉన్న పళ్లెం. పక్కన కిచెన్ తూకం]

వరంగల్ వైపు ఇళ్లల్ల మధ్యాహ్నం తినే మామూలు భోజనమే తీసుకుందాం. ఒక్కరికి బియ్యం 100 గ్రాములు, కందిపప్పు 30 గ్రాములు, నూనె 10 గ్రాములు, పెరుగు 100 గ్రాములు. బియ్యం, పప్పు వండకముందే తూచినం. నూనె నలుగురి పప్పు పోపులో 40 గ్రాములు పడితే, ఒక్కరి వాటా 10.

[తెరపై: పట్టిక]

పోషక పట్టికల ప్రకారం సుమారుగా ఈ పళ్లెంలో ప్రొటీన్ 18 గ్రాములు, కొవ్వు 15, పిండిపదార్థం 99 గ్రాములు వస్తయి.

చాలామంది ఇక్కడే ఈ మూడింటినీ కూడి, 132లో 15 అంటే కొవ్వు 11 శాతమే కదా అనుకుంటరు. అది బరువులో శాతం. మనకు కావాల్సింది కేలరీలలో శాతం. గ్రాము ప్రొటీన్‌కు 4 కేలరీలు, పిండిపదార్థానికి 4, కొవ్వుకు మాత్రం 9.

[తెరపై]
ప్రొటీన్: 18 × 4 = 72
పిండిపదార్థం: 99 × 4 = 396
కొవ్వు: 15 × 9 = 135
మొత్తం: 603

ఇప్పుడు ఒక్కొక్కదాన్ని 603తో భాగించి 100తో గుణించండి. ప్రొటీన్ 12, పిండిపదార్థం 66, కొవ్వు 22 శాతం. బరువులో 11 అనిపించిన కొవ్వు కేలరీలలో రెట్టింపయింది. మూడూ కలిపితే 100 రావాలె. రాకపోతే చాలాసార్లు కారణం ఒక్కటే: మీ మొత్తంతో కాకుండా ఏ ప్యాకెట్ మీదో, యాప్‌లోనో ఉన్న కేలరీలతో భాగించి ఉంటరు.

[తెరపై: పిండిపదార్థం 45–65, కొవ్వు 20–35, ప్రొటీన్ 10–35]

ఇవి అమెరికా, కెనడాలలో పెద్దవాళ్లకు వాడే పరిధులు. మన పళ్లెంలో పిండిపదార్థం ఒక్క శాతం దాటింది. పట్టిక విలువలే సుమారు కాబట్టి ఒక్క శాతానికి కంగారు పడనక్కర లేదు. సరిచేయాలంటే బియ్యం 75 గ్రాములకు తగ్గించి, ఉడకబెట్టిన కోడిగుడ్డు ఒకటి పెట్టండి. ప్రొటీన్ 15, పిండిపదార్థం 54, కొవ్వు 31 శాతానికి వస్తయి. మొత్తం 588 కేలరీలు, దాదాపు అంతే.

లెక్క తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. పోపు నూనె మరిచిపోతే ఇదే మొదటి భోజనంలో కొవ్వు 9 శాతానికి పడిపోయి, పిండిపదార్థం 77కు ఎగబాకుతది. వండిన అన్నం తూచి బియ్యం విలువలు వేస్తే అంతకన్నా పెద్ద పొరపాటు. అన్నంలో సగానికి పైగా నీళ్లే ఉంటయి. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం 28 గ్రాముల దగ్గర ఉంటది, బియ్యంలో 78.

[తెరపై: అదే భోజనం, సగం పళ్లెం]

ఈ పరిధులు రోజు మొత్తం తిండికి చెప్పినవి. పొద్దటి ఇడ్లీ, రాత్రి జొన్నరొట్టె కూడా కలిపి చూడాలె. పైగా ఈ భోజనంలో సగమే తిన్నా శాతాలు మారవు, ప్రొటీన్ మాత్రం 9 గ్రాములకు పడిపోతది. అందుకే శాతం పక్కన గ్రాములు కూడా రాసుకోండి.