సంక్రాంతి టికెట్: ధర తగ్గుతుందని ఎంతవరకు ఆగాలి?

"బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. జనవరి 12న నలుగురం విజయవాడ వెళ్లాలి. విమానం ధర మారితే చెప్పేలా అలర్ట్ పెట్టాం, మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. ధర ఒకరోజు పెరుగుతోంది, ఒకరోజు తగ్గుతోంది. ఎప్పుడు కొనేయాలి?"

నమస్కారమండి. ముందు ఆ అలర్ట్ ఎలా పెట్టారో చూద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే తప్పు దారి పడతారు. గూగుల్ ఫ్లైట్స్ తెరవగానే రానూపోనూ కలిపి వెతికి, అలాగే అలర్ట్ పెట్టేస్తారు. పండగకి రద్దీ ఒకవైపే ఉంటుంది. 12న బెంగళూరు నుంచి వెళ్లే విమానం కిటకిటలాడుతుంటే, అదే రోజు విజయవాడ నుంచి ఇటు వచ్చేది ఖాళీగా ఉంటుంది. పండగ అయ్యాక ఇది తిరగబడుతుంది. రెండూ కలిపి ఒకే అంకె చూస్తుంటే, వెళ్లే టికెట్ పెరిగిందా, వచ్చేది తగ్గిందా అన్నది తెలియదు. అందుకే One way అని పెట్టి, వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, రెండు అలర్ట్‌లు పెట్టండి.

ప్రయాణికుల సంఖ్య దగ్గర 4 వేయండి. Stops దగ్గర నాన్‌స్టాప్ మాత్రమే ఎంచుకోండి, లేదంటే హైదరాబాద్‌లో ఐదు గంటలు కూర్చోబెట్టే చవక టికెట్ మీ మెయిల్‌లోకి దూరుతుంది. ఆ తర్వాతే Track prices నొక్కండి. తేదీ మారదు అనుకుంటే Any dates జోలికి వెళ్లొద్దు. ఫిబ్రవరిలో చవగ్గా ఉందని తెలిసి మనం చేసేదేముంది? ఇంకొక్క మాట: నలుగురికి వెతికితే అక్కడ కనిపించేది నలుగురికీ కలిపిన మొత్తం. నాలుగుతో భాగించుకుని రాసుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. ఉదాహరణకి ఈరోజు తలకి 5,200 ఉందనుకుందాం, నలుగురికి 20,800. ఆగితే 4,400కి దిగొచ్చు. అప్పుడు మిగిలేది 3,200. అలా కాక 8,500కి ఎక్కితే? మొత్తం 34,000 అవుతుంది, అంటే 13,200 అదనం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇలాంటి పందెం ఐదుసార్లు కాస్తే నాలుగుసార్లకి కాస్త పైగానే ధర తగ్గాలి, అప్పుడే మనం నష్టపోకుండా బయటపడేది. పండగ ముందు రోజులకి అంత నమ్మకం ఎవరికైనా ఉంటుందా? మామూలు ఫిబ్రవరి బుధవారానికైతే తగ్గేదీ ఐదారు వందలే, పెరిగేదీ ఐదారు వందలే. అప్పుడు నిమ్మళంగా ఆగొచ్చు. మంగళవారం కొంటే చవక, బ్రౌజర్ ఇన్‌కాగ్నిటోలో చూస్తే చవక అనే మాటల్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

అయితే ఎన్నాళ్లు ఆగొచ్చన్నది అలర్ట్ చెప్పదు. అది మీ చేతిలో ఉన్న రెండో దారిని బట్టి ఉంటుంది, మనకి ఆ రెండో దారి రైలు. రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు తెరుస్తారు. 2024 అక్టోబరు వరకు ఇది 120 రోజులుండేది. జనవరి 12కి లెక్కేస్తే నవంబరు 13, ఉదయం 8 గంటలు. ఆ పూట ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో నాలుగు బెర్తులు కన్ఫర్మ్ అయ్యాయనుకోండి, ఇక విమానం ధర ఎంత పెరిగినా మీకు దిగులు లేదు. ధర దిగితే విమానం కొని రైలు రద్దు చేసుకుంటారు, పోయేది ప్రధానంగా రద్దు ఛార్జీయే. అది తలకి ఎంతో బుక్ చేసే ముందే చూసుకుని, ఆశిస్తున్న 3,200లోంచి తీసేయండి. ఎంత మిగులుతుందో చూస్తే ఆగడం దండగో కాదో తెలిసిపోతుంది.

ఆ పొద్దున వెయిటింగ్ లిస్టు చేతికొస్తే మాత్రం అదే రోజు విమానం కొనేయండి. మీలాగే బెర్తు దొరకనివాళ్లంతా ఆ రోజు నుంచే విమానాల వైపు, ప్రైవేటు బస్సుల వైపు చూస్తారు. బస్సు ఛార్జీ కూడా పండక్కి ఊరుకోదు కదా.

తిరుగు ప్రయాణం రైలుకి ఒక చిక్కు ఉంది. ఆ 60 రోజులు లెక్కపెట్టేది రైలు బయల్దేరే స్టేషన్ తేదీ నుంచి. ముందురోజు ఎక్కడో బయల్దేరి అర్ధరాత్రి దాటాక విజయవాడ వచ్చే రైలైతే, మీరు అనుకున్నదానికి ఒకరోజు ముందే బుకింగ్ తెరుచుకుంటుంది.

నవంబరు 13 దాకా ఆగకుండా ముందే కొనేయాల్సిన సూచన ఒకటుంది. విమానంలో సీట్లన్నీ ఒకే ధరకి అమ్మరు. కొన్ని సీట్లు ఒక ధరకి, అవి అయిపోతే తర్వాతివి పై ధరకి, అలా మెట్లు మెట్లుగా ఉంటాయి. ఇప్పుడున్న మెట్టు మీద ఇంకా ఎన్ని సీట్లున్నాయో తెలుసుకోవాలంటే, మొదట ఒక్కరికి వెతకండి, తర్వాత నలుగురికి. ఒక్కరికి 5,200 చూపించి, నలుగురికి 23,600 చూపిస్తే, అంటే తలకి 5,900, కింది మెట్టు మీద నాలుగు సీట్లు లేవన్నమాట. నలుగురినీ కలిపి అడిగినందుకు అందరికీ పై ధరే వేస్తోంది. అప్పుడు ఇద్దరికి వెతకండి. ఇద్దరికి ఇంకా 5,200 ఉంటే ఆ రెండూ ముందు కొని, మిగతా రెండూ 5,900కి కొనండి. మొత్తం 22,200, అంటే 1,400 మిగిలాయి. కాకపోతే పీఎన్ఆర్‌లు రెండవుతాయి. విమానం వేళ మారితే రెండిటికీ విడివిడిగా చూసుకోవాలి. పిల్లలుంటే ప్రతి పీఎన్ఆర్‌లోనూ ఒక పెద్దవాళ్లుండేలా జత చేయండి.

మెయిల్‌లో ఒక ధర ఉండి, నొక్కి లోపలికి వెళితే ఇంకో ధర కనిపించేది కూడా ఎక్కువగా ఈ మెట్ల వల్లే. మెయిల్ బయల్దేరినప్పుడు ఉన్న సీటు మీరు చూసేసరికి అమ్ముడైపోయి ఉంటుంది. చెల్లింపు పేజీలో కనిపించేదే ధర. అక్కడ కన్వీనియెన్స్ ఫీజు తలకింత కలుస్తుంది. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో ఎక్స్‌ప్రెస్ లైట్ ఛార్జీ అయితే చెక్-ఇన్ బ్యాగు ఉండదు. పిండివంటల డబ్బాలతో తిరిగొచ్చేటప్పుడు ఆ ఛార్జీ చవకేం కాదు.

కొన్నాక వెంటనే అలర్ట్ ఆపకండి. విమాన సంస్థ వెబ్‌సైట్‌లోనే నేరుగా కొంటే, ప్రయాణానికి వారం కన్నా ఎక్కువ గడువుంటే, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం కనీసం 24 గంటల పాటు రద్దు ఛార్జీ లేకుండా వెనక్కి తీసుకోవచ్చు. కొన్న రోజు రాత్రి ఒకసారి, గడువు ముగిసే గంట ముందు ఒకసారి నలుగురికీ ధర చూడండి. తగ్గి ఉంటే కొత్త టికెట్ చేతికొచ్చాక పాతది రద్దు చేయండి, ముందు రద్దు చేసి ఆ తర్వాత వెతుక్కోవద్దు. రెండు టికెట్ల డబ్బూ కొన్నాళ్లు కార్డు మీద ఉంటుంది కాబట్టి లిమిట్ సరిపోతుందో చూసుకోండి. ఆ గడువు దాటాక వెళ్లే టికెట్ అలర్ట్ ఆపేసి, వచ్చే టికెట్‌ది మాత్రం అలాగే ఉంచండి.