రోడ్‌మ్యాప్‌కి డబ్బు కట్టకండి

యాంకర్: లైన్లో ఎవరండీ?

కాలర్: నమస్తే మేడమ్, గుంటూరు అరండల్‌పేట నుంచి. బీటెక్ చదువుతున్నా. పీసీ గేములమ్మే స్టీమ్‌లో ఒక సర్వైవల్ గేమ్ తొమ్మిది వందలుంది. ఎర్లీ యాక్సెస్, అంటే ఇంకా తయారవుతుండగానే అమ్ముతున్నారు. మల్టీప్లేయర్, కొత్త మ్యాప్ వస్తాయంటున్నారు. తర్వాత రేటు పెంచుతారంట. ఇప్పుడే కొనేయమంటారా సార్?

నిపుణుడు: మీరు అడిగిన రెండూ ఇంకా రాలేదు కదమ్మా. మీ తొమ్మిది వందలకి దక్కేది ఈరోజు డౌన్‌లోడ్ అయ్యే బిల్డ్ మాత్రమే. ముందుముందు ఏమేం చేరుస్తామో చెప్పే రోడ్‌మ్యాప్ ఆశ, హామీ కాదు. నచ్చకపోతే ఆగమని స్టీమే ఆ పేజీలో రాసి పెడుతుంది.

కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2 సంగతే చూడండి. 2023 ఫిబ్రవరిలో 50 డాలర్లకి ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది. కాలనీలు, వేరే నక్షత్రాలకి ప్రయాణం, మల్టీప్లేయర్ అన్నీ రోడ్‌మ్యాప్‌లో ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్లో సైన్స్ మోడ్ వచ్చింది. 2024లో టీమ్‌ని తీసేశారు. మిగతావి రానే లేదు. అది పేరున్న గేమ్‌కి రెండో భాగం, వెనక పెద్ద పబ్లిషర్ ఉంది. కాబట్టి పేరు చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

కాలర్: మరి ఏం చూడాలి సార్?

నిపుణుడు: పేజీ తెరిచే ఉందా? కిందకి రండి. "What is the current state of the Early Access version?" అని ఉంటుంది. అందులో "ఉంది" అన్నవే లెక్కేయండి, "చేస్తాం" అన్నవి వదిలేయండి. తర్వాత అప్‌డేట్ల చరిత్ర చూడండి. చివరిది ఎప్పుడు?

కాలర్: మార్చిలో ఒకటి, మేలో ఒకటి... తర్వాత స్క్రీన్‌షాట్ పోటీ, సేల్ ప్రకటన.

నిపుణుడు: పోటీ, సేల్ అప్‌డేట్లు కావు. వెర్షన్ నంబర్ మారి, ఏం సరిచేశారో రాసిన పోస్టునే లెక్కపెట్టండి. అలాంటివి దూరమవుతూ పోతుంటే పని నెమ్మదించినట్టే. రివ్యూల్లో మొత్తం శాతం పక్కన పెట్టి, "Recent" నొక్కండి. నిరుటి మెచ్చుకోలు ఈనాటి బిల్డ్ గురించి చెప్పదు.

యాంకర్: కొన్నాక నచ్చకపోతే?

నిపుణుడు: కొన్న 14 రోజుల్లోపు, ఆడినది 2 గంటల్లోపైతే రిఫండ్ అడగొచ్చండీ. ఎర్లీ యాక్సెస్‌లో ఆడిన సమయం కూడా ఆ 2 గంటల్లో లెక్కకొస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మెనూలో వదిలేసి టిఫిన్‌కి వెళ్లినా గడియారం తిరుగుతూనే ఉంటుంది. మొదటి గంటలోనే మీ కంప్యూటర్లో ఎలా నడుస్తోందో, సేవ్ చేసి మూసి తెరిస్తే ఆట అక్కడినుంచే మొదలవుతోందో చూసుకోండి.

కాలర్: రేటు పెరిగితే నష్టం కాదా సార్?

నిపుణుడు: పెరగొచ్చు, కానీ తర్వాత సేల్‌లో తగ్గనూ వచ్చు. ఉన్న మ్యాప్‌లో ఒక్కరే ఆడుకోవడానికి తొమ్మిది వందలు పెట్టాలనిపిస్తోందా?

కాలర్: లేదు సార్, ఫ్రెండ్స్‌తో ఆడదామనే.

నిపుణుడు: అయితే విష్‌లిస్ట్‌లో పెట్టి, మల్టీప్లేయర్ వచ్చాక చూడండి.